వకీలు నోటీసుకు పేర్ణాంబట్టు జవాబు

‘ఆగస్టు 17న ఇస్తామని రాసిచ్చిన చీరను 23న ఇచ్చాము. ఈ ఆరు రోజుల ఆలస్యం మాదే.’

జవాబులో మూడో పేరా మొత్తం ఇంతే. రెండు చిన్న వాక్యాలు. ఎదురుగా ఉన్నది వేలూరు వకీలు పంపిన నాలుగు పేజీల నోటీసు. అందులో అడిగింది మొత్తం 1,33,000 రూపాయలు: చీర ఖరీదు 28,000, మనోవేదనకు లక్ష, నోటీసు ఖర్చు 5,000. అంత మొత్తం అడుగుతున్న కాగితం చేతిలో పెట్టుకుని, తన తప్పును తానే ఇంత నిబ్బరంగా రాసిన మనిషి పేర్ణాంబట్టులో చిన్న డ్రై క్లీనింగ్ కొట్టు నడుపుతారు. ఆయన పేరు, కొట్టు పేరు ఇక్కడ అక్కర్లేదు. ఆ జవాబు ఎలా తయారైందన్నదే నాకు ముఖ్యం. సేవాలోపం ఆరోపణకు ఒక చిన్న వ్యాపారి ఇచ్చిన జవాబుల్లో ఇంత పొందికైనది నేను చూడలేదు.

పేర్ణాంబట్టు తోలు షెడ్ల ఊరు. ఆంధ్ర సరిహద్దు పక్కనే. తోలు మండీల్లో ఉర్దూ, బజారులో తమిళం, చాలా ఇళ్ళలో తెలుగు. ఈయన ఇంట్లోనూ తెలుగే. బిల్లు పుస్తకం తమిళంలో ఉంది, నోటీసు ఇంగ్లీషులో వచ్చింది, జవాబు కూడా గుడియాత్తంలో ఇంగ్లీషులోనే టైపు చేయించారు. చిత్తుప్రతి మాత్రం తెలుగులో, ఆయన చేతిరాతలో ఉంది. నేను చదివింది దాన్నే. కొట్టివేతలతో సహా చదవగలిగాను గనుక, పనితనం ఎక్కడుందో కనబడింది. టైపు ప్రతిలో ఉన్నదానికంటే చిత్తులో కొట్టేసినదే ఎక్కువ నేర్పుతుంది.

ముందు జరిగింది చెప్పాలి. గుడియాత్తం నుంచి ఒకామె కంచి పట్టుచీర తెచ్చి ఆగస్టు 8న ఇచ్చారు. ‘17కి తప్పకుండా కావాల అన్నా’ అన్నారు. పెట్రోల్ వాష్, మరకలు తీయడం, రోల్ పాలిష్ కలిపి 350 రూపాయలు. అర్జెంటు కింద మరో 100. బిల్లులో ‘అర్జెంటు’ అన్న గడిలో టిక్కు ఉంది. దాని కింద చేతిరాతతో ‘కొంగులో మరకలు 2, అంచు దగ్గర నీటి మచ్చ’ అని ఉంది. చీర 23న తీసుకువెళ్ళారు. సెప్టెంబరు 9న నోటీసు అందింది. అందులో అయిదు ఆరోపణలు: చీర ఆలస్యంగా ఇవ్వడంవల్ల 20న జరిగిన ఆవణి ముహూర్తం పెళ్ళికి కట్టుకోలేకపోయారు, అంచు ఎరుపు ఒంటి మీదకి దిగింది, జరీ నల్లబడింది, అడగబోతే కౌంటర్‌లోని అబ్బాయి మర్యాద లేకుండా మాట్లాడాడు, కొత్త చీర కొనిస్తానని యజమాని ఫోనులో మాటిచ్చి తప్పాడు. పదిహేను రోజుల్లో డబ్బు కట్టకపోతే వేలూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని హెచ్చరిక.

ఇలాంటి నోటీసు వచ్చినప్పుడు బజారులో వినిపించే సలహాలు రెండే. ఒకటి, ‘చించి పారేయ్, ఏం చేస్తారు?’ రెండోది, ‘అన్నీ అబద్ధాలని గట్టిగా రాసెయ్.’ రెండూ ఎందుకు ప్రమాదమో ఆయనకు తెలుసు.

మొదటి సలహాలో కొంత నిజం లేకపోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుకు ముందు నోటీసు ఇచ్చి తీరాలన్న నియమం లేదు, వచ్చిన నోటీసుకు జవాబు ఇచ్చి తీరాలనీ లేదు. పదిహేను రోజులన్నది వకీలు పెట్టిన గడువే గాని చట్టం పెట్టింది కాదు. కాని నోటీసు అందిందని ఒప్పుకుని, దానికి జవాబే ఇవ్వనివాడి గురించి న్యాయస్థానం ప్రతికూలంగా అనుకోవచ్చు. ఢిల్లీ హైకోర్టు 1980లోనే కాలూరామ్, సీతారామ్ వ్యాజ్యంలో ఆ మాట చెప్పింది. పైగా ఈ ఫిర్యాదు వేయడం ఆమెకు కష్టమేమీ కాదు. కమిషన్‌లో రుసుము లెక్క కట్టేది అడిగిన పరిహారం మీద కాదు, సేవకు చెల్లించిన సొమ్ము మీద. ఆ సొమ్ము అయిదు లక్షల లోపుంటే రుసుమే లేదు. ఆమె చెల్లించింది 450. వకీలు లేకుండా తానే వాదించుకోవచ్చు. కాబట్టి బెదిరింపు ఉత్తది కాదు. ఈయన నోటీసును భయపడి చదవలేదు, తేలిగ్గానూ తీసుకోలేదు. పది రోజులు తీసుకుని, గడువుకు ముందే, 19వ తేదీన, అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో జవాబు పంపారు. ఆమెకు కాదు, ఆమె వకీలుకు. ఒకరు వకీలును పెట్టుకుని మాట్లాడుతున్నప్పుడు వాళ్ళ ఇంటికి ఫోను చేసి బతిమాలడం, బంధువుల చేత చెప్పించడం రెండూ తరవాత ‘ఒత్తిడి తెచ్చారు’ అనే కొత్త ఆరోపణగా మారతాయి.

రెండో సలహా, అంటే అన్నీ అబద్ధాలనడం, ఇంకా ప్రమాదం. బిల్లు మీద 17 అని ఉంది, డెలివరీ పుస్తకంలో 23 అని ఉంది. ఈ రెండు కాగితాలూ తన దగ్గరే ఉన్నప్పుడు ఆలస్యాన్ని కాదంటే, నిజంగా కాదనవలసిన మిగతా నాలుగింటి మీదా నమ్మకం పోతుంది. మూడో పేరా అందుకే అంత పొట్టిగా ఉంది. చిత్తులో దాని తరవాత అయిదు పంక్తులు ఉండేవి. రోల్ పాలిష్ పని బయట ఒకరి చేత చేయిస్తారు. ఆయనకు ఆ వారం ఆరోగ్యం బాగోలేదు. పెళ్ళిళ్ళ రోజులు, ఇంకొకరు దొరకలేదు. అంతా నిజమే. అంతా కొట్టేశారు. ఎందుకు కొట్టేశారని అడిగితే, ‘అది నాకూ పాలిష్ చేసేవాడికీ మధ్య లెక్క, ఆయమ్మకి ఏం సంబంధం?’ అన్నారు. న్యాయం కూడా అదే చెబుతుంది. పని బయటకు ఇచ్చినా ఖాతాదారుకు జవాబుదారీ కొట్టుదే. ఆ అయిదు పంక్తులు ఉండి ఉంటే ఒప్పుకోలు బలం తగ్గేది, పైగా చీర తన చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్ళిందన్న కొత్త ప్రశ్నకు తలుపు తెరిచేది. దాచడం వేరు, అడగని సంజాయిషీ ఇవ్వకపోవడం వేరు. పాలిష్ ఎక్కడ చేయించారని అడిగితే చెప్పడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు.

ఆలస్యం ఒప్పుకున్నాక అసలు చిక్కు వస్తుంది: పెళ్ళి. ఆలస్యం నాదే అన్నవాడు, ఆ ఆలస్యం వల్ల జరిగిన ప్రతిదీ నాదే అన్నట్టా? ఈ ప్రశ్నకు పాత ఇంగ్లీషు తీర్పు ఒకటుంది. 1854 నాటి హాడ్లీ, బాక్సెండేల్ వ్యాజ్యం. గ్లాస్టర్‌లో ఒక పిండిమిల్లు ఇరుసు విరిగింది. కొత్తదానికి నమూనాగా దాన్ని బండి మీద పంపారు. చేరవేసేవాళ్ళు ఆలస్యం చేశారు, మిల్లు అన్ని రోజులూ ఆగిపోయింది. ఇరుసు రాకపోతే మిల్లు నడవదన్న సంగతి వాళ్ళకు ముందే తెలిసేలా లేదు కాబట్టి, మిల్లు ఆగిన నష్టం వాళ్ళ మీద పడదని కోర్టు తేల్చింది. మన కాంట్రాక్టు చట్టం, 1872లో 73వ సెక్షన్ ఆ దారిలోనే నడుస్తుంది. ఒప్పందం చేసుకునేటప్పుడు ఏ నష్టం కలుగుతుందో ఇద్దరికీ తెలిసి ఉండాలి, లేదా మామూలుగా అలాంటి ఆలస్యానికి కలిగే నష్టమై ఉండాలి. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లోనూ ఒక మిల్లు ఉంది, కాకపోతే అక్కడ మిల్లు ఆగిందని బండివాడికి ముందే చెప్పారు.

అంటే ప్రశ్న ఒకటే: 20న పెళ్ళి అని ఆగస్టు 8న చెప్పారా? ఎవరైనా ఇక్కడ ‘చెప్పలేదు’ అని రాసేస్తారు. ఈయన చిత్తులో కూడా ముందు ‘చెప్పలేదు’ అనే ఉంది. దాన్ని కొట్టేసి ఇలా రాశారు: ‘బిల్లులో అర్జెంటు అని రాసుకున్నది నిజం, అందుకు 100 రూపాయలు తీసుకున్నదీ నిజం. పెళ్ళి కోసమని చెప్పినట్టు బిల్లులో లేదు. చీర తీసుకున్న మా అబ్బాయికి ఆ మాట గుర్తు లేదు. కాబట్టి చెప్పారన్నదాన్ని మేము ఒప్పుకోవడం లేదు. రుజువు చేసుకోవలసింది మీ కక్షిదారు.’

జవాబు మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. నిజమని ఒప్పుకోవడం, కాదని తోసిపుచ్చడం కాక మూడో దారి ఒకటుంది: మాకు తెలియదు, కనుక ఒప్పుకోము. తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు కాదంటే, రేపు ఆమె ఫోనులో ‘అన్నా, 20న పెళ్ళి, మరిచిపోవద్దు’ అన్న మెసేజి ఒకటి బయటపడితే చాలు, మొత్తం జవాబు కూలిపోతుంది. తెలియదు గనుక ఒప్పుకోమంటే, అలాంటి మెసేజి వచ్చినా అబద్ధమాడాడన్న మచ్చ పడదు. ఆమె రుజువు చేసుకుంది, అంతే. ‘అర్జెంటు’ను దాచకపోవడం ఇక్కడ చాలా ముఖ్యం. అర్జెంటు రుసుము తీసుకున్నవాడికి ఏదో శుభకార్యం ఉందని ఊహ ఉండే ఉంటుందని ఎదుటి వకీలు వాదిస్తారు. ఆ వాదన చేయనివ్వండి. బిల్లులో ఉన్నదాన్ని ఈయనే ముందుగా చెప్పేశారు కాబట్టి, దాన్ని ‘బయటపెట్టామని’ చెప్పుకునే అవకాశం వాళ్ళకు లేదు.

ఇలా ఆరోపణను ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు ఒక్కో జవాబు చెప్పే పద్ధతి సివిల్ కోర్టుల నుంచి వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లో 8వ ఆర్డరు ప్రతివాది రాతపూర్వక జవాబు గురించి చెబుతుంది. గుండుగుత్తగా కాదంటే చాలదు, ఒక్కో విషయాన్నీ విడిగా కాదనాలి, తప్పించుకునేలా కాదనకూడదు, కాదననిది ఒప్పుకున్నట్టే. అందులోనే ఒక ఉదాహరణ ఉంది: ఫలానా సొమ్ము ముట్టిందని ఆరోపిస్తే, ‘అంత ముట్టలేదు’ అంటే చాలదు, అసలు ఏమీ ముట్టలేదనాలి, లేదా ఎంత ముట్టిందో చెప్పాలి. వకీలు నోటీసుకు ఇచ్చే జవాబుకు ఈ నియమాలు వర్తించవు. కానీ ఈ జవాబే రేపు కమిషన్ ముందు పత్రంగా నిలబడుతుంది. అప్పుడు చెప్పేదీ ఇప్పుడు చెప్పేదీ ఒకటే కావాలి. కొట్టు యజమాని చట్టం చదివి ఇదంతా చేశారని నేననను. గుడియాత్తంలో దస్తావేజులు రాసే ఒక పెద్దాయన ‘ఒక్కో పేరాకీ ఒక్కో జవాబు రాయి, ఏదీ వదలొద్దు’ అని మాత్రం చెప్పారట. మిగిలింది ఈయన సొంత తూకం.

ఇక చీర సంగతి. ఇక్కడ వృత్తి జ్ఞానం పనిచేసింది.

పట్టుకు వేసే రంగుల్లో ఎక్కువ భాగం నీళ్ళలో కరిగే స్వభావం ఉన్నవి. అందుకే పట్టుచీర నీళ్ళలో నానితే, ముఖ్యంగా ఎరుపు, మెరూన్ అంచులున్న చీర నానితే, అంచు రంగు కదిలి పక్కనున్న లేత రంగు ఒంటి మీదకి దిగుతుంది. చిన్న ఊళ్ళ డ్రై క్లీనింగ్ కొట్లలో వాడేది నీరు కాదు, మినరల్ టర్పెంటైన్ లాంటి పెట్రోలియం ద్రావకం. బజారులో దాన్నే పెట్రోల్ వాష్ అంటారు. అది జిడ్డును కరిగిస్తుంది గాని ఆ రంగుల్ని మామూలుగా కదిలించదు. కాబట్టి ‘మేము పెట్రోల్ వాష్ చేశాం, రంగు కారే వీలే లేదు, మచ్చ పాతదే’ అని రాసే అవకాశం ఉంది. చదివేవాళ్ళకు శాస్త్రీయంగానూ అనిపిస్తుంది. చాలా కొట్లవాళ్ళు అలాగే రాస్తారు.

ఆయన రాయలేదు. ఎందుకంటే డ్రై క్లీనింగ్‌లో నీరు అసలు ముట్టదన్నది నిజం కాదు. కూర మరక, పాల మరక, చెమట మరక పెట్రోల్‌కు లొంగవు. వాటిని నీటితో, కొద్దిగా సబ్బు ద్రావణంతో, ఆ ఒక్క చోటే అద్ది తీస్తారు. రోల్ పాలిష్‌లోనూ తడి ఉంటుంది. చీరను పలచటి గంజి లాంటి పాలిష్ నీళ్ళతో తడిపి, రోలరుకు బిగించి చుట్టి ఆరబెడతారు. అక్కడ తడి ఎక్కువైతే రంగు కదలవచ్చు. ఈ సంగతి తెలిసినవాడు ‘వీలే లేదు’ అనలేడు. అందుకని జవాబు అయిదో పేరాలో ఇంతే రాశారు: ‘చీరను పెట్రోల్ వాష్ చేశాము. కొంగులోని రెండు మరకలకు మాత్రమే నీటితో శుద్ధి చేశాము. తరవాత రోల్ పాలిష్ చేయించాము. చీర తీసుకున్న నాడే అంచు దగ్గర నీటి మచ్చ ఉన్నట్టు బిల్లులో రాసి ఉంది. బిల్లు ప్రతి జత చేశాము. ఇప్పుడు మీరు చెబుతున్న రంగు మచ్చ అదేనా, వేరా అన్నది చీర చూడకుండా చెప్పలేము. మా పని వల్ల రంగు కారిందన్నదాన్ని కాదంటున్నాము. చీరను ఇద్దరి సమక్షంలో చూడడానికి సిద్ధంగా ఉన్నాము.’

‘మచ్చ పాతదే’ అనడానికీ ‘బిల్లులో నీటి మచ్చ అని రాసి ఉంది’ అనడానికీ మధ్య దూరం చూడండి. నీటి మచ్చ అంటే రంగు కారిన మచ్చే అనుకోవాల్సిన పని లేదు. తడిసి ఆరిన గీత కావచ్చు. బిల్లు ఎంత చెబుతోందో జవాబు అంతే చెప్పింది. సేవలో లోపం ఉందని నిరూపించే బాధ్యత ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో, వేరుశనగ ఎగుమతికి సంబంధించిన ఎస్.జి.ఎస్. ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ వ్యవహారంలో మళ్ళీ చెప్పింది. ఆ బాధ్యత తన మీద లేనివాడు లేనిపోని మాట చెప్పి దాన్ని తన నెత్తి మీదకు తెచ్చుకోవడం ఎందుకు? ‘మచ్చ పాతదే’ అని ఒకసారి అన్నాక, పాతదని చూపించవలసిన భారం ఆచరణలో ఆయన మీదే పడుతుంది.

జరీ గురించి ఇంకా క్లుప్తం. జరీ నల్లబడడానికి గాలిలోని గంధకం, చెమట, అత్తరు, ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టడం, జరీయే నాసిరకం కావడం లాంటి కారణాలు అనేకం. చిత్తులో ఇవన్నీ వరసగా రాసి ఉన్నాయి. తుదిప్రతిలో లేవు. ఆమె చీరను ఎలా దాచుకున్నారో తనకు తెలియదు కదా; ఊహించి రాస్తే ఆమె మీద నింద వేసినట్టవుతుంది. ‘డెలివరీ పుస్తకంలో 23న మీ కక్షిదారు సంతకం ఉంది, ఏ ఫిర్యాదూ రాయలేదు; ప్రతి జత చేశాము’ అని మాత్రం రాశారు. ఆ సంతకం వల్ల చీర బాగుందని ఆమె ఒప్పుకున్నట్టని కూడా అనలేదు. సాయంత్రం పూట, మడత పెట్టిన చీర, ట్యూబ్‌లైటు కింద ఎవరు విప్పి చూస్తారు? ఆ ప్రశ్నను కమిషన్ సభ్యులు అడగక ముందే ఆయన తనకు తానే వేసుకున్నారు.

బిల్లు వెనక అచ్చు వేసిన షరతుల్ని ఆయన వాడిన తీరు కూడా గమనించదగ్గది. ఏ కొట్టు బిల్లు తిప్పి చూసినా ఉంటాయి: రంగు పోతే బాధ్యులం కాము, పోగొట్టుకుంటే ఛార్జీకి ఇన్ని రెట్లు మాత్రమే ఇస్తాము, వగైరా. దస్తావేజుల పెద్దాయన వాటి మీదే జవాబు నిలబెట్టమన్నారట. కానీ 1960లలోనే మద్రాసు హైకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి వ్యవహారం వచ్చింది: లిలీ వైట్ అనే లాండ్రీ, మునుస్వామి అనే ఖాతాదారు. ఉతకడానికి ఇచ్చిన కొత్త చీర పోయింది. దాని విలువలో కొంత భాగం మాత్రమే ఇస్తామని బిల్లు వెనక అచ్చయి ఉంది. అలాంటి షరతు ప్రజాహితానికి విరుద్ధమని, అజాగ్రత్తకు ప్రోత్సాహమిచ్చినట్టు అవుతుందని హైకోర్టు దాన్ని చెల్లనివ్వలేదు. 2019 చట్టం వచ్చాక ఏకపక్షపు ఒప్పందాలను ప్రశ్నించే దారి మరింత స్పష్టమైంది. కాబట్టి ఈ జవాబులో షరతుల ప్రస్తావన చివర్లో ఒకే ఒక్క వాక్యం: ‘బిల్లులోని షరతులకు సంబంధించిన మా హక్కులను వదులుకోవడం లేదు.’ ఉన్న హక్కును విడవలేదు, దాని మీద ఇల్లు కట్టలేదు.

కౌంటర్‌లో అబ్బాయి మాటల గురించి చిత్తులో ‘పచ్చి అబద్ధం’ అని ఉంది. తుదిప్రతిలో: ‘ఆ సమయంలో నేను కొట్లో లేను. అమర్యాదగా మాట్లాడలేదని మా అబ్బాయి చెబుతున్నాడు, కాబట్టి ఆ ఆరోపణను కాదంటున్నాము. ఏ కారణం చేతనైనా మీ కక్షిదారు మనసు నొచ్చుకుని ఉంటే అందుకు విచారిస్తున్నాము.’ ఇక్కడ మాత్రం నాకు కొంచెం సందేహం ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2006లో ఒక చట్టమే చేసింది, క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని. మన దగ్గర అలాంటి రక్షణ లేదు. ‘విచారిస్తున్నాము’ అన్న మాటను ఎదుటి వకీలు ఎత్తి చూపవచ్చు. అయినా ముందు వాక్యంలో విస్పష్టంగా కాదన్నారు గనుక, ‘నొచ్చుకుని ఉంటే’ అని షరతు పెట్టారు గనుక పెద్ద ప్రమాదం లేదు. నేనైతే ఆ వాక్యం వదిలేసేవాణ్ణేమో. ఆయన వదలలేదు, ఆ ధైర్యం నాకు నచ్చింది. కొత్త చీర కొనిస్తానన్న మాట గురించి మాత్రం మెత్తదనం లేదు: ‘అలాంటి మాట నేను ఇవ్వలేదు. చీర తెస్తే చూస్తానని మాత్రమే అన్నాను.’ ఫోనులో మాట్లాడింది తానే కాబట్టి ఇక్కడ ‘తెలియదు’కు చోటు లేదు. ఏమన్నానో కూడా చెప్పి తీరాలి, చెప్పారు.

డబ్బు సంగతి రెండు కాగితాల్లో నడిపారు. జవాబులోనే 450 రూపాయలు చెక్కు రూపంలో తిరిగి పంపుతూ, ‘ఇది ఆలస్యం కారణంగా మాత్రమే, చీరకు నష్టం జరిగిందన్న ఆరోపణకు సంబంధించి కాదు’ అని రాశారు. ఆ అర్ధవాక్యం లేకపోతే, డబ్బు వెనక్కి ఇవ్వడాన్నే నేరం ఒప్పుకున్నట్టు చూపించేవారు. అదే రోజు వేరే కవరులో, పైన ‘హక్కులకు భంగం లేకుండా, రాజీ కోసం’ అన్న శీర్షికతో రెండో ఉత్తరం పంపారు. అందులో ప్రతిపాదన ఇది: ఇద్దరికీ నమ్మకమున్న పట్టుచీరల వ్యాపారి దగ్గర చీర విప్పి చూద్దాం, మచ్చ కొంగులో మేము నీరు వాడిన చోటు నుంచి గాని, పాలిష్ తడి వల్ల గాని వచ్చిందని ఆయన అంటే, అంచు మార్పించే ఖర్చు మేము పెట్టుకుంటాం.

రెండు కవర్లు ఎందుకు? రాజీ మాటల్లో ఒప్పుకున్నది తరవాత సాక్ష్యంగా వాడకూడదన్న షరతు మీద ఒప్పుకుంటే, సివిల్ వ్యవహారంలో అది సాక్ష్యం కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది 23వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 21వది. కానీ ఆ రక్షణ రాజీ మాటలకే. చాలామంది ప్రతి ఉత్తరం పైనా ఆ శీర్షిక తగిలిస్తారు. అది పెట్టినంత మాత్రాన మామూలు జవాబు రాజీ ఉత్తరం అయిపోదు. పైగా అసలు జవాబు మీద అది పెడితే, తన మంచి వాదనను తానే కమిషన్‌కు చూపించుకోలేని చిక్కులో పడవచ్చు. కమిషన్ చూడాలనుకున్నది ఒక కవరులో, చూడకూడదనుకున్నది మరొక కవరులో. ఇంత సూక్ష్మం వకీళ్ళే చాలాసార్లు మరిచిపోతారు.

పదేళ్ళ పైబడి కొట్టు నడుపుతున్నామని, ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదని చిత్తులో ఒక పేరా ఉండేది. అదీ పోయింది. ఈ చీరకు ఏమైందన్న ప్రశ్నకు ఆ మాట జవాబు కాదు. పైగా పాత ఖాతాదారు ఒకరు వచ్చి ‘నాకూ అయింది’ అంటే అనవసరంగా అబద్ధమవుతుంది. పరువునష్టం దావా వేస్తామన్న ఎదురు బెదిరింపు చిత్తులో కూడా లేదు.

మూడు వారాల తరవాత వకీలు ఫోను చేసి, చీర చూడడానికి ఒప్పుకున్నారు. గుడియాత్తంలో ఒక పట్టుచీరల కొట్లో ఇద్దరి ముందూ విప్పారు. ఎరుపు దిగిన చోటు బిల్లులో రాసిన నీటి మచ్చ చుట్టూ ఉంది, కానీ దానికంటే వెడల్పుగా ఉంది. పాత మచ్చ పాలిష్ తడికి కదిలి పెద్దదై ఉండవచ్చని ఆ వ్యాపారి అభిప్రాయం. జరీ విషయంలో ఆయన ఏమీ తేల్చలేదు. ఇద్దరూ సగం సగం ఒప్పుకున్నారు: అంచు మార్పించే ఖర్చులో సగం కొట్టు వారిది, మిగతా అన్ని కోరికలూ ఆమె విడిచిపెట్టారు. వకీలు రాసిన రాజీ పత్రంలో ముందు ‘సేవాలోపం జరిగినందున’ అని ఉంది. ఈయన దాన్ని కొట్టించి ‘బాధ్యత ఒప్పుకోకుండా, వివాద పరిష్కారం కోసం’ అని రాయించి, ‘ఇక ముందు ఏ విధమైన కోరికా లేదు’ అన్న వాక్యం చేర్చాకే సంతకం పెట్టి సొమ్ము ఇచ్చారు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళ వరకు కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు గనుక బిల్లు రెండో ప్రతి, డెలివరీ పుస్తకం, పోస్టు రసీదులు, రాజీ పత్రం, ఆ తెలుగు చిత్తుతో సహా, ఒక ఫైలులో కట్టి పెట్టుకున్నారు. ఆ తరవాత నుంచి బిల్లులో మచ్చ రాసేటప్పుడు ‘నీటి మచ్చ’ అని ఊరుకోరు; ఎన్ని అంగుళాలో కొలిచి రాసి, ఖాతాదారు ముందే ఫోనుతో ఫోటో తీస్తారు.